నీటికి చోటిచ్చే పోగు, చోటివ్వని పోగు

1930లో అమెరికాలోని విల్మింగ్టన్ పట్టణంలో, డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో జూలియన్ హిల్ అనే రసాయన శాస్త్రవేత్త కరిగించిన ఒక పదార్థంలో కడ్డీ ముంచి పైకి తీశాడు. కడ్డీ వెంట సన్నటి పోగు సాగుతూ వచ్చింది. చల్లారిన తర్వాత ఆ పోగును పట్టి లాగితే తెగలేదు. తన పొడవుకు ఎన్నో రెట్లు సాగి, సాగినకొద్దీ మెరుపూ బలమూ పుంజుకుంది. ఆ పదార్థం పాలిస్టర్ జాతిది. హిల్ పనిచేసిన బృందానికి నాయకుడు వాలెస్ కెరోథర్స్.

పోగు వచ్చింది కానీ బట్టకు పనికి రాలేదు. అది మరిగే నీటి వేడికి కూడా తాళలేక మెత్తబడి కరిగిపోయేది. వేడినీళ్లలో ఉతకలేని, ఇస్త్రీ చేయలేని దారంతో ఏం నేస్తారు? కెరోథర్స్ బృందం చివరికి గొలుసును కలిపే రసాయన ముడినే మార్చింది. ఎస్టర్ అనే ముడి ఉన్నచోట ఎమైడ్ అనే ముడి వేసి, 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 6,6 తయారుచేసింది. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్లు అమ్మకానికి వచ్చాయి.

కెరోథర్స్ పక్కన పెట్టిన ఎస్టర్ ముడిని ఇంగ్లండులో ఇద్దరు మళ్లీ చేతికి తీసుకున్నారు. వాళ్లు కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే జాన్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్. 1941లో వాళ్లు ముడి జోలికి పోకుండా, ముడికీ ముడికీ మధ్య ఉండే భాగాన్ని మార్చారు. అక్కడ బిరుసైన బెంజీన్ వలయాన్ని పెట్టారు. దాంతో కరిగే ఉష్ణోగ్రత ఒక్కసారిగా 250 డిగ్రీల సెల్సియస్ దాటింది. అదే టెరిలీన్. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే టెరిలీన్ చొక్కాలకూ టెరికాటన్ ప్యాంట్లకూ ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఈనాడు పాలిస్టర్ బట్ట అంటే మనకు దొరికేది దాదాపుగా ఈ రకమే.

అంటే ఒకే వైఫల్యానికి రెండు బృందాలు రెండు దారుల్లో పరిష్కారం కనుక్కున్నాయి. ఒక బృందం ముడి మార్చింది, ఇంకో బృందం మధ్య భాగం మార్చింది. నైలాన్, పాలిస్టర్ బట్టల మధ్య ఈ రోజు మన చేతికీ ఒంటికీ తెలిసే తేడాలన్నీ ఆ రెండు నిర్ణయాల ఫలితాలే. బలం, తేమ, స్పర్శ, వేడి, అద్దకం ఒక్కొక్కటే తీసుకుని అది ఎలాగో చూద్దాం.

గొలుసు లోపల

రెండూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులే. నైలాన్ గొలుసులో కొద్ది దూరానికి ఒకటి చొప్పున ఎమైడ్ ముడులుంటాయి. ఆ ముడిలో నైట్రోజన్‌కు అంటిపెట్టుకుని ఒక హైడ్రోజన్ ఉంటుంది. అది పక్క గొలుసులోని ఆక్సిజన్ వైపు ఆకర్షితమై దాన్ని పట్టుకుంటుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. నైలాన్ గొలుసులు పక్కపక్కన నిలబడేది ఎక్కువగా ఈ బంధాల మీదే. ముడికీ ముడికీ మధ్య ఉన్నవి మాత్రం ఎటు కావాలంటే అటు వంగగల కార్బన్ తునకలు. కాబట్టి నైలాన్ గొలుసుకు పట్టూ ఉంది, సాగే గుణమూ ఉంది.

పాలిస్టర్‌లోని ఎస్టర్ ముడికి అలా పక్క గొలుసుకు అందించడానికి హైడ్రోజన్ లేదు. ఆ లోటును బెంజీన్ వలయాలు తీరుస్తాయి. అవి వంగవు. బల్లపరుపుగా ఉండి ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా సర్దుకుంటాయి. గొలుసులు బిగువుగా, ఖాళీ తక్కువగా పేరుకుంటాయి. నైలాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.14 గ్రాములైతే పాలిస్టర్‌ది 1.38 గ్రాములు. ఒకే బరువున్న రెండు బట్టల్లో నైలాన్ బట్ట దళసరిగా అనిపించడానికి ఒక కారణం ఇదే.

ఇక నీటి సంగతి. నీటి అణువు కూడా హైడ్రోజన్ బంధాలు కట్టగలదు. నైలాన్‌లోని ఎమైడ్ ముడుల దగ్గర అది చోటు సంపాదించుకుంటుంది. పాలిస్టర్‌లో దానికి పట్టు దొరికే చోట్లు చాలా తక్కువ. ఈ ఒక్క విషయాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా అధ్యాయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

బలం: ఎంత బరువుకు తెగుతుంది, ఎంత సాగి తెగుతుంది

దారం సన్నదనాన్ని డెనియర్లలో కొలుస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. బట్టల కోసం తీసిన మామూలు నైలాన్, పాలిస్టర్ దారాలు రెండూ డెనియర్‌కు సుమారు 4 నుంచి 6 గ్రాముల బరువు మోస్తాయి. 70 డెనియర్ల సన్నటి దారం కూడా 280 గ్రాముల బరువు వేలాడదీస్తే తట్టుకోవాలి. టైర్లకూ తాళ్లకూ వాడే గట్టి రకాల్లో రెండూ 8, 9 గ్రాముల దాకా వెళతాయి. కాబట్టి పొడిగా ఉన్నప్పుడు ఏది తెగకుండా నిలుస్తుందన్న పోటీలో పెద్ద తేడా లేదు.

తేడా సాగడంలో ఉంది. ఒకే బరువు కడితే నైలాన్ ఎక్కువ సాగుతుంది, బరువు తీసేస్తే వెనక్కి వస్తుంది. పాలిస్టర్ అంత తేలిగ్గా సాగదు. ఏది మంచిదన్నది పనిని బట్టి ఉంటుంది. కొండ ఎక్కేవాళ్ల తాడును తీసుకుందాం. 80 కిలోల మనిషి 4 మీటర్లు జారిపడ్డాక తాడు బిగుసుకుందనుకుందాం. తాడు మరో మీటరు సాగి అతన్ని ఆపితే, ఆపేటప్పుడు ఒంటి మీద పడే సగటు బలం సుమారు 400 కిలోల బరువుకు సమానం. అదే తాడు 20 సెంటీమీటర్లే సాగి ఆపేస్తే ఆ బలం 1,600 కిలోలు దాటుతుంది. మొదటి దాంట్లో మనిషి దెబ్బలతో బయటపడతాడు. రెండోదాంట్లో తాడు తెగకపోయినా వెన్నెముక నిలవదు. అందుకే కొండ ఎక్కేటప్పుడు పడిపోతే ఆపే తాళ్లు నైలాన్‌తోనే చేస్తారు. లంగరు తాళ్లకూ నైలానే మేలు. ఓడను అల లాగినప్పుడల్లా తాడు సాగి ఆ కుదుపును మింగేస్తుంది.

కారు సీటు బెల్టుకు కావలసింది వేరు. అది కొలతగా మాత్రమే సాగాలి, ఏళ్ల తరబడి అద్దం లోంచి పడే ఎండకు పాడుకాకూడదు. అందుకే సీటు బెల్టు పట్టీలు పాలిస్టర్‌తో నేస్తారు. పడవ ప్రధాన తెరచాప ఆకారం చెడకుండా గాలిని పట్టాలి కాబట్టి దానికి పాలిస్టర్ వాడతారు. వెనక గాలికి గుమ్మటంలా ఉబ్బే పల్చని ముందు తెరచాపకు సాగుడు కావాలి కాబట్టి అది నైలాన్‌తో ఉంటుంది. ఒకే పడవ మీద రెండూ పనిచేస్తాయి.

రాపిడిలో నైలాన్‌ది పైచేయి. మేజోడు మడమ, బ్యాగు అడుగు భాగం, తివాచీ లాంటి చోట్ల అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండలో మాత్రం పాలిస్టర్ మెరుగు. ఎండకు వదిలేసిన నైలాన్ పసుపుబారి బలం కోల్పోతుంది. కిటికీ కర్టెన్లకు పాలిస్టర్ వాడటంలోని తర్కం ఇదే.

తడిస్తే ఏమవుతుంది? నైలాన్‌లో చేరిన నీరు గొలుసుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలను కొన్నిచోట్ల వదులు చేస్తుంది. బలం 10 నుంచి 15 శాతం తగ్గుతుంది, పొడవు కొంచెం పెరుగుతుంది. రాత్రి వాన పడితే నైలాన్ గుడారం వదులై కిందికి జారుతుంది, లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ గుడారానికి ఆ బాధ లేదు. తడిసినా పొడిగా ఉన్నా దాని బలం ఒకటే.

తేమ: పీల్చడం వేరు, పాకించడం వేరు

65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే 100 గ్రాముల నైలాన్ సుమారు 4 గ్రాముల నీటిని లోపలికి తీసుకుంటుంది. 100 గ్రాముల పాలిస్టర్ తీసుకునేది 0.4 గ్రాములు. పదింతల తేడా. అదే పరిస్థితిలో నూలు 7, 8 గ్రాములు తీసుకుంటుంది. 200 గ్రాముల చొక్కా లెక్కన చూస్తే పాలిస్టర్ తనలోకి తీసుకునే నీరు గ్రాము కూడా ఉండదు.

ఒంటి మీద చెమట ఇంకా బొట్టుగా మారక ముందు ఆవిరి రూపంలో ఉంటుంది. నూలు ఆ ఆవిరిని కొంత తాగేసి ఒంటి దగ్గరి గాలిని పొడిగా ఉంచుతుంది. నైలాన్ కొద్దిగా ఆ పని చేస్తుంది. దగ్గరగా నేసిన పాలిస్టర్ చొక్కా దాదాపు చేయదు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి ఎటూ పోక ఒంటి మీదే నీరవుతుంది. మే నెలలో పాలిస్టర్ చొక్కా వీపుకు అతుక్కునేది ఇందువల్లే.

మరి ఆటగాళ్ల జెర్సీలు పాలిస్టర్‌వే కదా, అవి చెమటను లాగేస్తాయంటారే? అదీ నిజమే. అక్కడ నీరు పోగు లోపలికి వెళ్లదు, పోగుకూ పోగుకూ మధ్య ఉన్న సందుల గుండా పాకుతుంది. పోగులకు గాడులు పెట్టి, జల్లెడలా వదులుగా అల్లి, నీటిని ఇష్టపడే పూత వేస్తే చెమట బొట్టు బట్ట పైముఖానికి పాకి వెడల్పుగా పరుచుకుంటుంది. పరుచుకున్న నీరు త్వరగా ఆరుతుంది. పోగు లోపల నీరు నిలవ ఉండదు కాబట్టి ఉతికి పిండిన పాలిస్టర్, నైలాన్ కంటే ముందుగా ఆరుతుంది. కాబట్టి చెమటను లాగే గుణం అల్లికదీ పూతదీ అని గుర్తుంచుకోవాలి. పాలిస్టర్ అని చీటీ ఉన్నంత మాత్రాన ప్రతి చొక్కాకూ ఆ గుణం రాదు. పూత ఉతుకుల్లో పోతే గుణమూ తగ్గుతుంది.

నీటిని దూరం పెట్టే పాలిస్టర్ నూనెను మాత్రం దగ్గరికి తీసుకుంటుంది. ఒంటి జిడ్డు దానికి పట్టి, ఆ జిడ్డు మీద సూక్ష్మజీవులు పెరిగి వాసన నిలుస్తుంది. సంవత్సరం వాడిన పాలిస్టర్ జెర్సీ ఉతికినా వాసన పోవడం లేదంటే కారణం ఆ జిడ్డే. మెత్తదనం ఇచ్చే ద్రవాలు పోస్తే అవి ఇంకో జిడ్డు పొరగా పట్టుకుని చెమట పాకే సందుల్ని కూడా పూడుస్తాయి. సబ్బు పొడి కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఉతకడం మేలు.

పొడిగాలిలో ఇంకొక తేడా తెలుస్తుంది. నీరు లేని పోగు మీద విద్యుదావేశం నిలుస్తుంది. రాపిడిలో నైలాన్ ధనావేశం వైపు, పాలిస్టర్ రుణావేశం వైపు మొగ్గుతాయి. హైదరాబాదు చలికాలంలో నైలాన్ లంగా మీద పాలిస్టర్ చీర కడితే రెండూ ఒకదాన్నొకటి ఆకర్షించి నడుస్తుంటే కాళ్లకు చుట్టుకుంటాయి. లోపల నూలు లంగా వేసుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

స్పర్శ: చేతికి తెలిసే తేడా

చేత్తో పట్టుకుంటే నైలాన్ నున్నగా, మెత్తగా జారుతుంది. కొద్దిగా లాగితే సాగుతుంది. మేజోళ్లకూ లోదుస్తులకూ ఈతదుస్తులకూ అది నచ్చడానికి కారణం ఆ వంగే గొలుసులే. పాలిస్టర్‌ను నలిపి వదిలితే బిరుసుగా విప్పుకుంటుంది, మడత పడదు. నైలెక్స్ చీరల కాలం చూసినవాళ్లకు నైలాన్ జారుడు చేతికి గుర్తుండే ఉంటుంది.

ఇవాళ పాలిస్టర్ చీరల్లో కొన్ని పట్టులా మెత్తగా జాలువారుతున్నాయి. దాని వెనక ఉన్నది కాస్టిక్ సోడా. ఎస్టర్ ముడిని గాఢమైన క్షారం కొరుకుతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో వేడి చేస్తే పోగు పైపొర కరిగిపోయి, నేసిన బట్ట బరువు పదో వంతు నుంచి పావు వంతు దాకా తగ్గుతుంది. పోగులు సన్నబడి, వాటి మధ్య సందు పెరిగి, బిగుసుకున్న బట్ట వదులై వాలుతుంది. మోతాదు మించితే అదే బట్ట కుట్ల దగ్గర చిరుగుతుంది. నైలాన్‌కు ఈ చికిత్స పనిచేయదు. క్షారాన్ని అది బాగా తట్టుకుంటుంది, దాని శత్రువు ఆమ్లం. నైలాన్ బట్ట మీద బాత్‌రూం కడిగే ఆమ్లం చుక్క పడితే చిల్లు పడుతుంది.

పాలిస్టర్ స్వెటర్ల మీదా టీ చొక్కాల మీదా ఉండలు కట్టడం చాలామందికి తెలుసు. రాపిడికి తెగిన పొట్టి పోగులు పైకి లేచి చుట్టుకుపోతాయి. నూలులో అలాంటి ఉండలు త్వరగా తెగి రాలిపోతాయి. పాలిస్టర్ పోగు బలమైనది కాబట్టి ఉండను వదలకుండా పట్టుకుంటుంది. బలం ఇక్కడ లోపంగా మారింది. బట్టను తిరగేసి ఉతికితే రాపిడి తగ్గుతుంది.

వేడి: కరగడానికి ముందే జరిగేది

నైలాన్‌లో మరో రకమైన నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దగ్గర, నైలాన్ 6,6 260 దగ్గర, పాలిస్టర్ 255 దగ్గర కరుగుతాయి. మన దేశంలో ఎక్కువగా తయారయ్యేది నైలాన్ 6. ఇస్త్రీ వేడికి అన్నిటికంటే తక్కువగా తాళేదీ అదే. చొక్కా చీటీ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు దాటొద్దని, రెండు చుక్కలుంటే 150 దాటొద్దని అర్థం. సాధారణంగా నైలాన్‌కు ఒక చుక్క, పాలిస్టర్‌కు రెండు చుక్కలు ఉంటాయి. మూడు చుక్కల వేడి నూలుకు, అంటే 200 డిగ్రీలు. నూలు చొక్కా ఇస్త్రీ చేసిన వేడి పెట్టెను వెంటనే నైలాన్ మీద పెడితే అది అతుక్కుంటుంది.

అయితే కరిగే ఉష్ణోగ్రత కంటే రోజువారీ వాడకంలో ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. చల్లగా ఉన్న పోగులో గొలుసులు బిగుసుకుని ఉంటాయి. ఒక ఉష్ణోగ్రత దాటాక వాటికి కదలిక వస్తుంది. అప్పుడు పోగును ఏ ఆకారంలో ఉంచి చల్లారిస్తే ఆ ఆకారంలో నిలిచిపోతుంది. పాలిస్టర్‌కు ఈ మలుపు 70, 80 డిగ్రీల దగ్గర వస్తుంది. పొడి నైలాన్‌కు 50 డిగ్రీల ప్రాంతంలోనే. పైగా తడిసిన నైలాన్‌లో నీరు గొలుసులకు కదలిక ఇస్తుంది కాబట్టి ఆ మలుపు గది వేడి కంటే కూడా కిందికి దిగుతుంది.

టెరిలీన్ ప్యాంటు మడత ఎన్ని ఉతుకులకైనా చెదరని కారణం ఇక్కడుంది. మడతను మిల్లులో 180 డిగ్రీలు దాటిన వేడి మీద నిలిపారు. ఇంట్లో ఉతికే నీరు 40 డిగ్రీలు దాటదు, గొలుసులు కదలవు. మరుగుతున్న నీళ్లలో పాలిస్టర్‌ను ముంచి, వేడి మీదే గట్టిగా పిండితే మాత్రం పిండిన ముడతలు కూడా అలాగే నిలిచిపోతాయి. తర్వాత మామూలు ఇస్త్రీకి లొంగవు.

నైలాన్ మలుపు తక్కువ వేడిలో ఉండటం వల్ల వచ్చే చిక్కు టైర్లలో కనిపిస్తుంది. నైలాన్ దారాలతో కట్టిన టైరు పరుగులో వేడెక్కుతుంది. రాత్రి బండి ఆపాక నేలకు ఆనిన భాగం బల్లపరుపుగా ఉండగానే చల్లారుతుంది. పొద్దున బయల్దేరినప్పుడు కాసేపు చక్రం దడదడలాడుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. కార్ల రేడియల్ టైర్ల లోపలి పొరకు పాలిస్టర్ దారం రావడానికి ఇదొక కారణం. గుంతల రోడ్ల మీద బరువు మోసే లారీ టైర్లలో దెబ్బకు తట్టుకోవడం ముఖ్యం కాబట్టి అక్కడ నైలాన్ చాలాకాలం రాజ్యమేలింది.

మంట విషయంలో రెండూ ఒకటే. అంటుకుంటే కరిగి బొట్లుగా కారతాయి, కారిన బొట్టు చర్మానికి అతుక్కుని లోతుగా కాలుస్తుంది. పొయ్యి దగ్గరా దీపావళి టపాసుల దగ్గరా ఈ రెండు బట్టలూ వద్దు. ముఖ్యంగా పిల్లలకు నూలు బట్టలే వేయండి.

అద్దకం: మూడు తొట్ల పరీక్ష

ఐదింటిలో ఎక్కువ తేడా కనిపించేది రంగులో. ఒక తెల్ల నైలాన్ ముక్కనూ ఒక తెల్ల పాలిస్టర్ ముక్కనూ అంచులు కలిపి కుట్టి, అలాంటి జతలు మూడు తయారు చేసి, మూడు తొట్లలో వేశామనుకుందాం.

మొదటి తొట్టిలో ఎసిడ్ రంగు. అంటే ఉన్నికీ పట్టుకూ వేసే రకం. ఎసిటిక్ ఆమ్లం కలిపి నీటిని పుల్లగా ఉంచుతారు. నైలాన్ గొలుసు కొసల్లో ఎమీన్ అనే భాగాలుంటాయి, ఆమ్లంలో అవి ధనావేశం పొందుతాయి. రంగు అణువు రుణావేశంతో ఉంటుంది. రెండూ పట్టుకుంటాయి. 40 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మరిగేదాకా తీసుకెళ్లి, ముప్పావు గంట ఉంచి బయటికి తీస్తే నైలాన్ ముక్క నిండుగా రంగు తాగి ఉంటుంది. పాలిస్టర్ ముక్కకు పట్టు దొరికే కొసలు లేవు, అది తెల్లగానే ఉంటుంది.

రెండో తొట్టిలో డిస్పర్స్ రంగు. ఇది నీటిలో సరిగా కరగదు, దాదాపు మైక్రాన్ సైజు దాకా మెత్తగా నూరి నీటిలో తేలేటట్టు చేస్తారు. దీనికి ఆవేశం లేదు, కొసల అవసరమూ లేదు. గొలుసుల మధ్యకు దూరి కరిగి ఉండిపోవడమే దాని పద్ధతి. ఈ తొట్టినీ మరిగించి ఆపేద్దాం. నైలాన్ ముక్కకు మంచి రంగు పట్టింది. పాలిస్టర్‌కు వెలిసినట్టు లేత రంగే వచ్చింది. 100 డిగ్రీల దగ్గర బిగువుగా పేరుకున్న పాలిస్టర్ గొలుసులు రంగు దూరేంతగా ఇంకా విచ్చుకోలేదు.

మూడో తొట్టిలోనూ అదే డిస్పర్స్ రంగు. ఈసారి మూత బిగించి ప్రెషర్ కుక్కర్‌లా 130 డిగ్రీలకు తీసుకెళతాం. అప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి రెండున్నర రెట్లు దాటుతుంది. 60 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 90 దాటాక నెమ్మదిగా పెంచాలి, ఎందుకంటే రంగు వేగంగా లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. తొందరపడితే మచ్చలు పడతాయి. అరగంట నుంచి గంట ఉంచి, నిదానంగా చల్లార్చి తీస్తే పాలిస్టర్‌కు నిండైన రంగు వస్తుంది. పని అంతటితో అయిపోలేదు. లోపలికి వెళ్లని రంగు పొడి పైన అంటుకుని ఉంటుంది. దాన్ని కాస్టిక్ సోడా, సోడియం హైడ్రోసల్ఫైట్ కలిపిన 70, 80 డిగ్రీల నీటిలో కడిగి తీసేస్తారు. ముదురు ఎరుపు, నలుపు, నేవీ బ్లూ రంగుల్లో ఈ కడుగు సరిగా జరగలేదంటే తెల్లటి గుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది. గుడ్డకు రంగు అంటుతుంది.

వీధి చివర మరిగే తొట్టి పెట్టుకున్న అద్దకం షాపులో పాలిస్టర్ చీరకు ముదురు రంగు వేయమంటే కుదరదని చెప్పడానికి కారణం ఈ మూడో తొట్టి. ఆ మూత, ఆ పీడనం అక్కడ ఉండవు. అదే నైలాన్‌కు, పట్టుకు మరిగే నీరు చాలు.

తేలిగ్గా రంగు పట్టడం వల్ల నైలాన్‌కు వేరే చిక్కులున్నాయి. పట్టు దొరికే కొసల లెక్క పరిమితం. రెండు ఎసిడ్ రంగులు కలిపి వేస్తే అవి చోటు కోసం పోటీ పడి, బలమైనది ముందుగా చేరి రెండోదాన్ని బయట ఉంచేస్తుంది. అనుకున్న ఛాయ రాదు. పోగు తీసినప్పుడు ఒక దారం కొంచెం ఎక్కువ సాగినా, వేడి కొంచెం తేడా పడినా ఆ దారం రంగు తీసుకునే తీరు మారి, బట్ట పొడవునా చారలు కనిపిస్తాయి. పైగా తేలిగ్గా లోపలికి వెళ్లిన రంగు తేలిగ్గా బయటికి కూడా వస్తుంది. అందుకే నైలాన్ ముదురు రంగులకు అద్దకం తర్వాత రంగు పోకుండా ఆపే రసాయనంతో ఇంకో చికిత్స చేస్తారు.

మూడు తొట్లు కలిసి ఇంటికి చెప్పే మాట ఒకటుంది. డిస్పర్స్ రంగుకు నైలాన్ తలుపు తెరిచే ఉంటుంది. ముదురు ఎరుపు పాలిస్టర్ చుడీదారునూ తెల్ల నైలాన్ లోదుస్తులనూ వేడినీళ్లలో కలిపి ఉతికితే పాలిస్టర్ వదిలిన కొద్దిపాటి రంగును నైలాన్ పీల్చేసుకుంటుంది. పక్కనున్న తెల్ల పాలిస్టర్‌కు ఏమీ కాదు. నైలాన్ బట్టను ఎప్పుడూ విడిగా, చల్లటి నీళ్లలో ఉతకాలన్న సలహాకు మూలం ఇదే.

డిస్పర్స్ రంగుకు ఉన్న మరో గుణం వేడికి నేరుగా ఆవిరవడం. కాగితం మీద ముద్రించిన బొమ్మను పాలిస్టర్ మీద పెట్టి సుమారు 200 డిగ్రీల వేడితో అరనిమిషం నొక్కితే రంగు ఆవిరై బట్టలోకి దిగుతుంది. క్రికెట్ జెర్సీల మీద పేర్లు, అంకెలు వేసే పద్ధతుల్లో ఇదొకటి. అదే గుణం వల్ల మరీ వేడి ఇస్త్రీపెట్టె పాలిస్టర్ రంగును అడుగున పరిచిన తెల్ల దుప్పటికి ఎక్కించగలదు.

ఇంట్లో తేల్చుకునే పరీక్ష

చీటీ లేని తాడు లేదా బట్ట ఏదో తెలుసుకోవడానికి సాంద్రత సాయం చేస్తుంది. ఒక గ్లాసు మంచినీళ్లు తీసుకోండి. ఇంకో గ్లాసులో పావు లీటరు నీళ్లకు 90 గ్రాముల ఉప్పు వేసి బాగా కలిపి, ఉప్పు ఇక కరగనంత గాఢంగా చేయండి. ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దగ్గర ఉంటుంది. చిన్న దారపు పోగులు కత్తిరించి, ముందు సబ్బు చుక్క వేసిన నీటిలో తడిపి, వేళ్లతో నొక్కి గాలి బుడగలన్నీ తీసేయండి. బుడగ ఒక్కటి మిగిలినా ఫలితం తప్పుతుంది.

మంచినీటిలోనే తేలితే అది నైలానూ కాదు, పాలిస్టరూ కాదు. పాలీప్రొపిలీన్ లేదా పాలిథీన్ జాతిది. బజారులో నైలాన్ తాడు పేరుతో అమ్మే రంగురంగుల తాళ్లలో ఎన్నో ఇలాంటివే. మంచినీటిలో మునిగి ఉప్పునీటిలో తేలితే నైలాన్ కావచ్చు. రెండింటిలోనూ మునిగితే పాలిస్టర్ కావచ్చు. నూలు కూడా రెండింటిలోనూ మునుగుతుంది, కాబట్టి ఒక పోగు కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ అవుతుంది. పూత వేసిన బట్టకూ కలనేత బట్టకూ ఈ పరీక్ష నమ్మకంగా పనిచేయదు. ప్రయోగశాలలో అయితే 85 శాతం ఫార్మిక్ ఆమ్లంలో వేస్తారు. గది వేడికే నైలాన్ కరిగిపోతుంది, పాలిస్టర్ చెక్కుచెదరదు.

ఇక ఎంపిక. కుదుపు, రాపిడి, సాగుడు ఉన్నచోట నైలాన్ తీసుకోండి: తాళ్లు, బ్యాగులు, మేజోళ్లు, ఈతదుస్తులు. ఎండ, వాన, నిలకడైన ఆకారం, త్వరగా ఆరడం కావాలంటే పాలిస్టర్ తీసుకోండి: కర్టెన్లు, గుడారాలు, గొడుగులు, యూనిఫాంలు, ఆట జెర్సీలు. ఒంటికి ఆనుకుని గంటల తరబడి ఉక్కపోతలో ఉండాల్సిన బట్టకు రెండూ నూలు తర్వాతే.